బ్యాటరీ బావగారు

ఇంగ్లండులో రెడింగ్ ఊళ్ళో ఉండే మా బావగారింట్లో కరెంటు పోగా నేనెప్పుడూ చూడలేదు. ఆయనా చూసినట్టు లేదు. అయినా ఇన్వర్టర్ బ్యాటరీల మీద ఆయనకున్నంత పాండిత్యం తెనాలి బజారులో వాటిని అమ్మేవాళ్ళకు కూడా లేదు. తెలుగువాళ్ళు నలుగురున్న ప్రతి బ్రిటిష్ ఊళ్ళోనూ ఇలాంటి బావగారు ఒకరుంటారు. గుర్తుపట్టడం తేలికే. మార్చి రాగానే బయట వానను వదిలేసి ఫోనులో తెనాలి ఎండ చూస్తారు. తండ్రికి ఫోన్ చేస్తే "ఎలా ఉన్నారు నాన్నా" అనేది రెండో ప్రశ్న. మొదటిది "కరెంటుందా?"

అక్కడ కరెంటు పోదని ఆయనకు లోలోపల కొంచెం చిన్నతనం. 2021 నవంబరులో ఆర్వెన్ తుఫాను వచ్చి స్కాట్లాండులో, ఉత్తర ఇంగ్లండులో లక్షల ఇళ్ళు చీకటైపోయాయి. కొన్ని వేల ఇళ్ళకు వారం దాటినా కరెంటు రాలేదు. రెడింగ్‌లో మాత్రం బల్బు కూడా మినుకుమనలేదు. మరుసటి ఏడాది చలికాలం గ్యాసు కొరతొస్తే మూడేసి గంటల కోత పెట్టాల్సి రావచ్చని నేషనల్ గ్రిడ్ వాళ్ళు ముందే చెప్పారు. ఆ మాట విన్న రోజు బావగారి ముఖం వెలిగిపోయింది. కోతల వేళల పట్టిక తయారుచేసి ఫ్రిజ్ మీద అంటించారు. కోత రానేలేదు. మా అక్కయ్య ఆ కాగితం వెనక పాలవాడి లెక్కైనా రాసుకుందామంటే అక్కడ పాలవాడూ లేడు.

ఇంటికి బ్యాటరీ పెట్టించుకుందామని అక్కడి ఎలక్ట్రీషియన్ని పిలిచి "ఎన్ని ఏహెచ్?" అని అడిగారు. అతను తెల్లబోయాడు. అక్కడ లెక్క కిలోవాట్ అవర్లలో. టెస్లా పవర్‌వాల్ 2 అయితే 13.5 కిలోవాట్ అవర్లు, వారంటీ 10 ఏళ్ళు. మనవైపు 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1.8. "అంటే ఏడున్నర బ్యాటరీలు గోడకు తగిలించినట్టు" అని లెక్కతేల్చారు బావగారు. తీరా చూస్తే అక్కడ చాలామంది ఇలాంటివి కొనేది రాత్రి చౌక కరెంటు నింపుకుని పగలు వాడుకోడానికి. బ్యాకప్ వైరింగ్ విడిగా చేయించకపోతే, కరెంటు పోయినప్పుడు వాటిలో చాలా రకాలు ఇంటితోపాటే ఆరిపోతాయి. "కరెంటు పోతే పనిచెయ్యని దాన్ని ఇన్వర్టరంటారా?" అని ఆయన పౌండ్లు మిగుల్చుకుని, దృష్టంతా తెనాలి మీద పెట్టారు.

తెనాలిలో వాళ్ళ నాన్నగారి పాత బ్యాటరీ అరగంటకే కీచుమంటోంది. బావగారు ఎక్సెల్ తెరిచారు. ఎక్సైడ్, అమరాన్, లుమినస్, ఒకాయా, లివ్‌గార్డ్ అన్నీ ఎక్కాయి. వాళ్ళ తెలుగు సంఘంలో చిత్తూరు జిల్లా మిత్రుడొకాయన ఉన్నాడు. అమరాన్ తిరుపతి పక్క కరకంబాడిది కాబట్టి ఇక పోల్చేదేమిటని ఆయన వాదన. బావగారు భక్తికి లొంగలేదు. ఆయనకు దొరికిన మొదటి ఆయుధం స్టిక్కరు మీది చిన్న అక్షరాలు.

ఐదు పెట్టెల మీదా 150 అనే ఉంటుంది. కొన్నిటి పక్కన సి20 అని, కొన్నిటి పక్కన సి10 అని రాస్తారు. సి20 అంటే 20 గంటలపాటు నెమ్మదిగా, 7.5 ఆంపియర్లు చొప్పున వాడితే 150 వస్తుందని. సి10 అంటే పది గంటల్లో ఖాళీచేసినా 150 ఇస్తుందని. కాబట్టి 150 అని ఉన్న రెండిట్లో సి10 ది గట్టిది. ఇక మన ఇళ్ళలో మూడు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక టీవీ కలిస్తే సుమారు 330 వాట్లు. బ్యాటరీ నుంచి 30 ఆంపియర్ల పైనే లాగుతుంది. అంత వేగంగా లాగితే అది పూర్తి లెక్క ఇవ్వదు, మధ్యలో ఇన్వర్టర్ కొంత తింటుంది. కాగితం మీద ఐదున్నర గంటలు తేలేది ఇంట్లో మూడు గంటల చిల్లర. అదే మూడు ఫ్యాన్లూ తీసేసి బీఎల్‌డీసీవి పెడితే అదే బ్యాటరీ దాదాపు రెట్టింపు సేపు వస్తుంది. ఈ మాట బావగారు ఎవరికీ చెప్పరు. ఫ్యాన్లు మార్చితే సరిపోతే ఎక్సెల్ ఎందుకు?

రకం విషయంలో ఆయనకు రెండో మాట లేదు, టాల్ ట్యూబులరే. పాజిటివ్ ప్లేటులోని సీసం మందు గొట్టాల్లో బిగిసి ఉంటుంది కనక, రోజూ లోతుగా వాడినా త్వరగా రాలిపోదు. ఫ్లాట్ ప్లేటు చౌకే గాని, రోజూ కోతలుండే ఊళ్ళో నిలవదు. లిథియం తేలిక, నీళ్ళు పొయ్యక్కర్లేదు, కాకపోతే దానికి తగ్గ ఇన్వర్టర్ కూడా కొనాలి.

అసలు ఆయన ప్రతిభంతా వారంటీలో కనబడుతుంది. పెట్టె మీద పెద్దగా 60 నెలలని ఉంటే మామూలు మనిషి సంతోషిస్తాడు. బావగారు "36+24 ఆ, 30+30 ఆ?" అంటారు. ముందు అంకె లోపల పాడైతే ఊరికే మారుస్తారు. తర్వాతి అంకెలో కొత్తదాని మీద తగ్గింపు మాత్రమే, అదీ ఎమ్మార్పీ మీద. ఎమ్మార్పీ 20 వేలు, తగ్గింపు 40 శాతం అనుకుందాం. కట్టాల్సింది 12 వేలు, పాతది వాళ్ళకే ఇచ్చెయ్యాలి. అదే బజారులో 15 వేలకు దొరికి, పాతదానికి మూడున్నర వేలు తగ్గిస్తే పదకొండున్నరకే వస్తుంది. వారంటీ వాడుకున్నందుకు ఐదొందలు నష్టం! ఈ లెక్క ఆయన పెళ్ళి విందులో చెబితే పక్కవాళ్ళు పెరుగన్నం దాకా లేవలేకపోయారు.

చివరికి తెనాలిలో నాన్నగారు టాల్ ట్యూబులర్ ఒకటి కొనేశారు. ఎనిమిది నెలలకే బ్యాకప్ సగానికి పడిపోయింది. బావగారు ఆ బ్రాండు గడికి ఎర్రరంగు పూసి, కంపెనీకి పెద్ద ఉత్తరం మొదలుపెట్టారు. ఎలక్ట్రీషియన్ కుర్రాడొచ్చి హైడ్రోమీటరు పెడితే బ్యాటరీ ఆరు గదుల్లోనూ 1.180 చూపించింది. నిండా చార్జయితే 1.240 దగ్గర ఉండాలి. ఒక్క గది తగ్గితే బ్యాటరీ తప్పు. ఆరూ ఒకేలా తగ్గాయంటే చార్జింగే చాలట్లేదు. వీడియో కాల్‌లో బావగారు ఇన్వర్టర్ వెనక చూపించమన్నారు. అక్కడి స్విచ్ ఇంకా పాత బ్యాటరీకి పెట్టిన ఫ్లాట్ దగ్గరే ఉంది. ట్యూబులర్‌కు కావలసిన వోల్టేజీ అందక బ్యాటరీ ఎనిమిది నెలలూ అర్ధాకలితో బతికింది. స్విచ్ మార్చి రెండు రోజులు ఏకధాటిగా చార్జింగ్ పెడితే రీడింగు 1.230 కి వచ్చింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ కంపెనీ వాళ్ళకి ఉత్తరం రాశావా?" అన్నారు నాన్నగారు.

"రాయలేదు నాన్నా. డిస్టిల్డ్ వాటర్ పోస్తున్నారా?"

"ఫిల్టర్ నీళ్ళు పోస్తున్నాం. మేం తాగేవేగా."

బావగారు ఆ రాత్రి నిద్రపోలేదు. తాగే నీళ్ళలోని లవణాలు ప్లేట్లకు పడవు. పైగా ఆ కారణం చూపి వారంటీ ఇవ్వమంటారు కూడా.

ఇప్పుడు ఎక్సెల్‌లో కొత్త గడి చేరింది: "పిలిస్తే వచ్చే మనిషి ఎంత దూరం". మీరు బ్యాటరీ కొనబోతుంటే ముందు ఆ గడి నింపండి. బ్రాండు తర్వాత చూసుకోవచ్చు. బావగారి నంబరు మాత్రం నన్నడక్కండి, ఒకసారి మొదలుపెడితే మీ ఫోను చార్జింగే అయిపోతుంది.