ఏ రోల్ అయినా పర్లేదు సార్!

లింక్డ్‌ఇన్ మీద మన ఇంజనీరింగ్ పట్టభద్రుడి దండయాత్ర మూడు రోజులు సాగుతుంది. మొదటి రోజు "హాయ్ సార్". రెండో రోజు "ఉన్నారా సార్". మూడో రోజు ఒంటరిగా ఓ ప్రశ్నార్థకం. అప్పు తీసుకుని మొహం చాటేసినవాడికి పంపాల్సిన గుర్తది. ఇక్కడ అవతలివాడు చేసిన నేరమల్లా హైటెక్ సిటీలో ఉద్యోగం వెలగబెట్టడం. పోనీలే అని "చెప్పండి" అన్నాడా, అసలు బాంబు పడుతుంది: "మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఉంటే రిఫర్ చేయండి సార్, ఏ రోల్ అయినా పర్లేదు."

చూడ్డానికి ఎంత వినయమో! విప్పి చూస్తే సంగతి వేరు. మీ కంపెనీ కెరీర్స్ పేజీ మొత్తం మీరే గాలించండి, నా రెజ్యూమె మీరే చదవండి, నాకేది నప్పుతుందో మీరే తేల్చండి, నేనిక్కడే ఉంటాను అని.

ఎవరో "కాస్త ప్రొఫెషనల్‌గా రాయి నాయనా" అని సలహా ఇస్తారు. రోగం కన్నా మందు ఘోరం. "గౌరవనీయులైన సార్, మీరు క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాను. మీ మహోన్నత ప్రస్థానం నాకు నిత్య స్ఫూర్తి. నేర్చుకోవాలనే తపన, కష్టపడే తత్వం గల నేను..." ఫోన్ నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే. అవి కాస్తా క్షేమ సమాచారాలకే ఖర్చయ్యాయి. పోనీ ఆ మహోన్నత ప్రస్థానంలో ఒక్క మజిలీ పేరు చెప్పమనండి, నీళ్లు నములుతాడు. అదే పాఠం ముప్పై నలభై మందికి వెళ్లింది మరి. అందులో ఒకావిడ ఉన్నారు, ఆవిడా సారే. ఇంకొకరికి పోటీ కంపెనీ పేరుతో సహా చేరింది.

ఇంతకీ రిఫర్ చేయడమంటే ఏం చేయాలో ఈ భక్తులకు తెలుసా? ఆ ఉద్యోగి కంపెనీ పోర్టల్ తెరిచి, ఫలానా ఖాళీ జాబ్ ఐడీ కొట్టి, మీ పేరు, మెయిల్, రెజ్యూమె ఎక్కించాలి. చాలాచోట్ల చివర్లో ఒక గడి ఉంటుంది: ఈ అభ్యర్థి మీకెలా తెలుసు, ఈ పనికి ఎందుకు సరిపోతారు? అందులో ఏం రాయాలి? "మూడు రోజులు విడవకుండా హాయ్ చెప్పాడు" అనా? మీరు పంపే సందేశం ఆ గడి నింపడానికి పనికొస్తే చాలు. పనికిరాని ముక్కంతా, మీ బృందస్ఫూర్తితో సహా, నిర్మొహమాటంగా కొట్టేయాల్సిందే.

కనెక్షన్ రిక్వెస్టుతో పంపే చీటీకి ఉచిత ఖాతాలో 200 అక్షరాలే హద్దు. స్తోత్రాలకు చోటు లేకుండా చేసిన ఆ పుణ్యాత్ములకు దండం పెట్టాలి. అందులో ఇంత పడుతుంది: "నమస్తే మేడమ్. మీరు చదివిన కాలేజీలోనే ఈసీఈ చేశాను, 2025 బ్యాచ్. మీ టీమ్‌లో డిజైన్ వెరిఫికేషన్ ఖాళీ చూశాను. దాని గురించి ఒక విషయం అడగడానికి కనెక్ట్ అవుతున్నాను."

ఆవిడ ఒప్పుకున్నాక రెండోది: "థాంక్స్ మేడమ్. ఆ ఉద్యోగం జాబ్ ఐడీ, లింకు కింద ఇచ్చాను. సిస్టమ్ వెరిలాగ్, యూవీఎం అడిగారు. ఫైనలియర్ ప్రాజెక్టులో యూఏఆర్‌టీకి యూవీఎం టెస్ట్‌బెంచ్ రాశాను, కోడ్ గిట్‌హబ్‌లో ఉంది. ఇంకా అప్లై చేయలేదు. చూశాక సరిపోతాననిపిస్తే రిఫర్ చేయగలరా? కుదరకపోతే ఫర్వాలేదు, నేరుగా అప్లై చేసుకుంటాను."

ఇంగ్లీషులో రాసినా కొలత ఇదే. "ఇంకా అప్లై చేయలేదు" అన్నది ఊసుపోక రాసింది కాదు. ముందే అప్లై చేసేసిన వాళ్ల రిఫరల్‌ను చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు. ఆఖరి వాక్యమే అసలైన మర్యాద, కాదనడానికి ఆవిడకు దారి వదిలింది. "గైడెన్స్ కావాలి మేడమ్, ఓ పదిహేను నిమిషాల కాల్" అంటూ రిఫరల్‌కు ముసుగేసి తెచ్చేవాళ్ల కన్నా ఇలా సూటిగా అడిగినవాడే నయం. ముసుగు రెండో నిమిషంలోనే జారిపోతుంది.

ఇంత చక్కగా రాసినా, ముక్కూ మొహం తెలియనివాళ్లకు రిఫరల్ ఇవ్వననేవాళ్లు ఉంటారు. వాళ్ల మాట పోతుంది కదా, అది వాళ్ల హక్కు. వారం ఆగి ఒకసారి గుర్తుచేయొచ్చు. రెండోసారి కూడదు.

అయితే అక్షింతలన్నీ కుర్రాళ్ల నెత్తినే వేస్తే అన్యాయం. "నా ఇన్‌బాక్స్ మీకోసం ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అని పోస్టు పెట్టి లైకులు ఏరుకునే సీనియర్లున్నారు. జాబ్ ఐడీతో సహా పద్ధతిగా రాసిన పిల్లకు రెండు వారాల తర్వాత వాళ్లిచ్చే జవాబు ఒక బొటనవేలు. రిఫర్ చేశారా, చదివారా, మెట్రోలో వేలు జారిందా? "ఇప్పుడు కుదరదమ్మా" అని రెండు మాటలు కొట్టడానికి వారికి తీరిక ఉండదు. ఆ సాయంత్రమే నెట్‌వర్కింగ్ ఆవశ్యకత మీద, వాక్యానికో పేరా చొప్పున, కొత్త పోస్టు మాత్రం వేళకు వచ్చేస్తుంది.