384 మంది అక్కల సాక్షిగా

పీహెచ్‌డీ వైవాలో స్కాలర్ ముందుగా చెప్పే సారాంశానికి మామూలుగా ఇరవై నిమిషాలిస్తారు. అందులో మొదటి ఐదూ వందనాలకే ఖర్చు: గైడ్‌గారు, హెడ్‌గారు, ఎక్స్‌టర్నల్‌గారు, రాలేకపోయిన డీన్‌గారు. తర్వాత స్త్రీ లేనిదే సమాజం లేదంటూ ఓ స్లైడు. థీసిస్ మొత్తం చదివి, రిపోర్టు రాసి పంపాకే రైలెక్కిన ఎక్స్‌టర్నల్‌గారు ఆ సంగతి ఇప్పుడే తెలిసినట్టు తలూపుతారు.

ఒక థీసిస్ అనుకుందాం. డ్వాక్రా సంఘాల్లో చేరడం వల్ల మహిళలకు సాధికారత వచ్చిందా, లేదా అన్నది ప్రశ్న. స్కాలర్ గొంతు పెంచి చెప్పే అంకె 384. క్రెజ్సీ, మోర్గన్ అనే ఇద్దరు 1970లో వేసిన పట్టికలో, పది లక్షల జనాభాకు కావలసిన శాంపిల్ అది. ఆ పేర్లు వినగానే హాల్లో సందేహాలన్నీ చల్లారతాయి. అయితే ఆ పట్టికకు ఒక షరతుంది: జాబితాలోని ప్రతి మనిషికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలి, అంటే లాటరీ తీసినట్టు ఎంచాలి. మన స్కాలర్ ఎలా ఎంచారు? సంఘం లీడరుకు ఫోన్ చేశారు. కిస్తీలు కట్టే రోజున రమ్మంది. వెళ్లి, మీటింగుకు వచ్చిన అక్కలందరికీ ప్రశ్నావళి పంచారు. కొందరి తరఫున లీడరే టిక్కులు పెట్టింది.

కిస్తీ కట్టలేక మొహం చాటేసినవాళ్లు, సంఘం వదిలేసినవాళ్లు, అసలు చేరనివాళ్లు ఆ రోజు అక్కడ లేరు. ఉన్నవాళ్లను అడిగితే సాధికారత రాక ఏమొస్తుంది? చేరనివాళ్లతో పోల్చకుండా చేరడం వల్లే వచ్చిందని ఎలా తేల్చారో ఆ సరస్వతికే ఎరుక. 384 బదులు నాలుగు వేల మందిని అడిగినా ఈ లోటు తీరదు, తప్పు మరింత ధీమాగా వస్తుందంతే.

సారాంశంలో ఇదంతా "సౌలభ్య నమూనా పద్ధతి" అనే మూడు మాటల్లో మునిగిపోతుంది. వెంటనే పట్టికలు. "p విలువ 0.000 సార్" అంటారు, పొరపాటుకు చోటే లేనట్టు. సాఫ్ట్‌వేర్ మూడు దశాంశాల దగ్గర ఆపి చూపింది గనుక ఆ సున్నాలు. విలువ నిజంగా సున్నా కాదు.

ఎవరిని అడిగాను, ఎవరు దొరకలేదు, అందువల్ల నా మాట ఎంతవరకు చెల్లుతుంది: ఈ మూడూ చెప్పడానికి నాలుగు నిమిషాలు చాలు. కానీ అవి చెబితే ప్రశ్నలొస్తాయి. ప్రశ్నలొస్తే భోజనం ఆలస్యం.

సంఘం వదిలేసిన మహిళల ఊసు చివరి స్లైడులో, భావి పరిశోధకులకు సూచనల కింద, ఒక వాక్యంగా ఉంది. అది చదివేలోపే టైమైపోయింది, శాలువాలు వచ్చేశాయి.