ఆ సీసాలో తేనె ఎవరిదో సెలవివ్వండి

మహారాజశ్రీ భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,
కోట్లా రోడ్డు, న్యూఢిల్లీ.

ఆదిలాబాద్ జిల్లా బోథ్ నుంచి ఒక సామాన్య వినియోగదారుడు నమస్కరించి రాసుకునే విన్నపం.

అయ్యా, మా అడవికి ఈ మధ్య కొత్త దశ పట్టింది. హైదరాబాద్‌లో ఉండే మా మేనల్లుడు ఏదో వెబ్‌సైట్‌లో 'బోథ్ అడవి తేనె' అర కిలో కొని, పండక్కి వస్తూ మాకే పట్టుకొచ్చాడు. సైట్‌లో పొచ్చెర జలపాతం ఫోటో, దాని కింద 'ఆర్గానిక్', 'ఆయుర్వేదిక్', 'ఐఎస్‌ఓ', 'ల్యాబ్ టెస్టెడ్' అని నాలుగు గుండ్రటి ముద్రలు ఉన్నాయి. షుగర్ కూడా తగ్గుతుందట. మీ దగ్గర ఆహారమని నంబరు తీసుకున్న సరుకు, కొనేవాడి దగ్గరికి వచ్చేసరికి మందైపోయింది. మధుమేహం నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం కదా అని అడిగితే, మావాడు "మామా, అది రివ్యూల్లో రాశారు" అన్నాడు.

సీసా మీద మీ 14 అంకెల నంబరు ఉంది. మొదటి అంకె 1 అయితే లైసెన్స్, 2 అయితే చిన్న వ్యాపారి రిజిస్ట్రేషన్. తర్వాతి రెండంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36. ఈ నంబరు 2తో మొదలైంది, వెనకాల 36 లేదు. బోథ్ తేనె తెలంగాణలో సీసాకు ఎక్కలేదన్నమాట. అందులో తప్పేం లేదనుకోండి. కానీ ఆ రిజిస్ట్రేషన్ ఎవరూ తేనె రుచి చూసి ఇచ్చింది కాదు. సైట్‌లో మాత్రం దాన్ని 'ప్రభుత్వ ధ్రువీకరణ' అని పెద్దక్షరాలతో వేశారు.

ఆర్గానిక్ ముద్ర సంగతి అంతకన్నా సులువు. మీ 2017 నిబంధనల ప్రకారం సీసా మీద అధికారిక ఆర్గానిక్ గుర్తు ఉండాలి, దాని వెనక ఎన్‌పీఓపీ కిందనో పీజీఎస్ కిందనో ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి. ఇక్కడున్నది ఒక పచ్చటి ఆకు బొమ్మ.

ఇక సైట్‌లో పెట్టిన ల్యాబ్ రిపోర్టు. నా అసలు గోడు దీని గురించే. అది దొంగ కాగితం కాదు. ఎన్‌ఏబీఎల్ గుర్తు ఉంది, 'టీసీ'తో మొదలయ్యే యూఎల్‌ఆర్ నంబరూ ఉంది. ఎన్‌ఏబీఎల్ సైట్‌లో వెతికితే ఆ ల్యాబ్ దొరికింది. దొరికింది ల్యాబే, రిపోర్టు కాదు. కింద సన్నటి అక్షరాల్లో 'నమూనా కస్టమర్ ఇచ్చినది. ఫలితాలు ఆ నమూనాకే వర్తిస్తాయి' అని ఉంది. రిపోర్టు తేదీ 2021, మా సీసా ప్యాక్ చేసింది 2025లో. బ్యాచ్ నంబరు ఉండాల్సిన చోట చిన్న గీత. పెళ్లిచూపుల్లో అన్నను చూపించి పీటల మీద తమ్ముణ్ని కూర్చోబెట్టినట్టుంది వ్యవహారం. ఈ రిపోర్టు మీరిచ్చిందేనా అని ల్యాబ్‌కు రాస్తే, కస్టమర్ వివరాలు గోప్యమని జవాబిచ్చారు. వాళ్ల నిబంధన అలాంటిదే. తేనె తిన్నవాడు కస్టమర్ కాదు, నమూనా ఇచ్చినవాడే కస్టమర్.

రిపోర్టులో తేమ 17 శాతం అని ఉంది. అక్కడే నాకు నవ్వొచ్చింది. మా అడవిలో పెద్ద తేనెటీగలు చెట్టు కొమ్మలకు బయటే పట్టు పెడతాయి. ఆ తేనెలో తేమ చాలాసార్లు మీ పరిమితి 20 శాతాన్ని దాటుతుంది. నిలవ ఉంటే పులుస్తుంది, మూత తీస్తే బుస్సుమని నురగ వస్తుంది. అంటే కొలాం మనిషి చెట్టెక్కి తెచ్చిన అసలు తేనె మీ పరీక్ష తప్పే అవకాశం ఉంది, ఎవరో కాచి పోసిన పాకం దర్జాగా పాసవుతుంది.

పాకాన్ని పట్టుకునే పరీక్షలు మీ ప్రమాణాల్లో లేకపోలేదు. సీ4 చక్కెర 7 శాతం మించకూడదన్నారు. చెరకు, మొక్కజొన్న పాకాలు దానికి దొరుకుతాయి. వరి సీ4 మొక్క కాదు కాబట్టి బియ్యపు పాకం దానికి చిక్కదు, దానికి వేరే పరీక్షలు చేయాలి. 2020లో సీఎస్‌ఈ 13 బ్రాండ్ల తేనెను జర్మనీలో ఎన్‌ఎంఆర్ పరీక్ష చేయిస్తే 3 మాత్రమే నెగ్గాయి. కంపెనీలు ఒప్పుకోలేదు, అది వేరే కథ. మా సీసా రిపోర్టులో ఎన్‌ఎంఆర్ మాట దేవుడెరుగు, సీ4 గడి కూడా లేదు. తేమ, బూడిద, ఆమ్లత్వం, అంతే. 'ల్యాబ్ టెస్టెడ్' అన్నది అబద్ధం కాదు మరి. ఏది టెస్ట్ చేశారని ఎవరు అడిగారు?

కాబట్టి అయ్యా, రిపోర్టు చూపించి అమ్మేవాళ్లు ఆ బ్యాచ్ రిపోర్టే చూపించాలని, కొన్నవాడు యూఎల్‌ఆర్ నంబరు కొడితే ఆ కాగితం ల్యాబ్ సైట్‌లోనే తెరుచుకోవాలని ఒక ఉత్తర్వు ఇప్పించండి.

ఈలోగా నేనే పరీక్ష చేయించుకుందామని చట్టం తిరగేశాను. 2006 చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాడు రుసుము కట్టి ఫుడ్ అనలిస్టు దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. మంచి మాట. అయితే పరీక్ష చేయించబోతున్నానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలట. కొట్లో అయితే ఎదురుగా చెబుతాం. వెబ్‌సైట్‌లో ఆ ముక్క ఎక్కడ చెప్పాలి, కార్టులో వేసే ముందా, ఓటీపీ వచ్చాకా?

తమ జవాబు కోసం ఎదురుచూస్తూ,
బోథ్ వాసి