గుజ్జు గోలీల జాతర

జనగామ బస్టాండు నుంచి భూపాలపల్లి సింగరేణి కాలనీ దాకా ఏ మందుల దుకాణం మెట్టెక్కినా మోకాళ్ల నొప్పికి ఒకటే వైద్యం: గుజ్జు పెంచే గోలీ. పత్తి ఏరిన మోకాలైనా, బాయిలో వంగి పనిచేసిన మోకాలైనా కౌంటర్ వెనక కుర్రాడికి ఒక్కటే. "మూడు నెలలు వాడు అవ్వా, గుజ్జు మళ్లొస్తది" అని అభయమిచ్చేస్తాడు. అంత నమ్మకంగా ఎముకల డాక్టరు కూడా చెప్పలేడు, పాపం చదువుకున్నాడు కదా!

ఆ డబ్బా ఓసారి తిప్పి చూడండి. ముందువైపు పరుగెత్తే మోకాలి బొమ్మ. వెనక, చాలా డబ్బాల మీద, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు, దాని దగ్గర్లోనే ఇంగ్లిషులో "మందుగా వాడటానికి కాదు" అన్న ముక్క. అలా రాయాలని చట్టమే చెప్పింది. అంటే కంపెనీ నిజమే చెప్పింది, అవ్వకు రాని భాషలో.

ఇంతకీ ఆ గోలీలోని గ్లూకోసమైన్ సంగతి తేల్చడానికి అమెరికా ప్రభుత్వ సొమ్ముతో పెద్ద పరీక్షే జరిగింది. మోకాళ్లు అరిగిన 1,583 మందిని గుంపులుగా విడదీసి 24 వారాలు గోలీలిచ్చారు. ఒక గుంపుకు రోజూ 1,500 మిల్లీగ్రాముల గ్లూకోసమైన్, ఇంకో గుంపుకు ఏ మందూ లేని ఉత్తుత్తి గోలీ. ఎవరికి ఏది పడిందో ఇచ్చేవాళ్లకూ తెలియదు, మింగేవాళ్లకూ తెలియదు. 2006లో ఫలితం వచ్చింది. గ్లూకోసమైన్ తిన్నవాళ్లలో నూటికి 64 మందికి నొప్పి తగ్గింది. ఆగండి, చప్పట్లు అప్పుడే వద్దు. ఉత్తుత్తి గోలీ మింగినవాళ్లలోనూ 60 మందికి తగ్గింది! ఆ తేడా లెక్కలోకి రానంత చిన్నది.

"నాకు తగ్గింది కదా" అనే మామయ్య అబద్ధమాడటం లేదు. అరుగుదల నొప్పి ఓ నెల ఎక్కువ, ఓ నెల తక్కువ. మిరప ఏరే రోజుల్లో పెరుగుతుంది, పని తగ్గితే దిగుతుంది. మనం దుకాణానికి పరుగెత్తేది నొప్పి నెత్తికెక్కినప్పుడే. తర్వాత అది ఎలాగూ కొంత దిగుతుంది, పేరు మాత్రం గోలీకి. ఆ అమెరికా పరీక్షలోనే నొప్పి మరీ ఎక్కువున్న ఓ చిన్న గుంపులో, కాండ్రాయిటిన్‌తో కలిపి ఇస్తే మేలు కనిపించిన మాట నిజమే, అమ్మేవాళ్లు ఎత్తి చూపేదీ అదే. పరీక్షను రెండేళ్ల దాకా సాగదీస్తే చెప్పుకోదగ్గ మేలేమీ తేలలేదు. 2019లో అమెరికా కీళ్ల వైద్యుల సంఘం మోకాలి అరుగుదలకు గ్లూకోసమైన్ వద్దేవద్దని రాసేసింది. ఆ కాగితం మన దుకాణాల దాకా ఇంకా రాలేదు, బస్సు దొరకలేదేమో.

అదే దుకాణంలో అమ్మే పసుపు గోలీ సంగతికొస్తే, పసుపు మన మహబూబాబాద్ చేలలోదే కాబట్టి కాస్త మర్యాదగా మాట్లాడాలి. థాయిలాండ్‌లో 367 మందికి నాలుగు వారాలు పసుపు సారం ఇచ్చి చూస్తే ఐబుప్రోఫెన్‌కు దాదాపు సాటిగా నిలిచింది. గ్లూకోసమైన్, పసుపు, విటమిన్ డి, కొల్లాజెన్ నాలుగింటిలో పరువు దక్కింది దీనికే. కాకపోతే వాళ్లిచ్చింది రోజుకు 1,500 మిల్లీగ్రాముల కర్‌క్యుమిన్ జాతి పదార్థాలు. మన పసుపులో అవి నూటికి మూడు పాళ్లు. మూడు గ్రాముల చెంచాకు 90 మిల్లీగ్రాములు. అంటే పాలల్లో రోజూ దాదాపు పదిహేడు చెంచాలు కలపాలి. ఇక మిరియాల సారం కలిపిన ఘాటు గోలీలతో కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీ, అమెరికాల్లో బయటపడ్డాయి. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ముట్టుకోవద్దు.

విటమిన్ డి కథ వేరు. ఆస్ట్రేలియాలో మోకాలి అరుగుదలతో పాటు ఈ విటమిన్ తక్కువున్న 413 మందినే ఏరి, నెలకు 50,000 యూనిట్లు రెండేళ్లిచ్చారు. నొప్పిలో గానీ, గుజ్జులో గానీ గోలీ వల్ల తేడా రాలేదు. అలాగని అది దండగ కాదు. లోపం బాగా ముదిరి ఎముకలే మెత్తబడితే తుంటి, తొడలు లాగుతాయి, కింద కూర్చున్నవాళ్లు లేవలేరు. దానికి అదే మందు. అయితే డాక్టరు వారానికొకటి రాసిన 60,000 యూనిట్ల గోలీని "రోజూ వేస్తే తొందరగా తగ్గుతుంది" అని మింగితే రక్తంలో కాల్షియం పేరుకుంటుంది. వాంతులు, ఆగని దాహం, మలబద్ధకం మొదలైతే గోలీ ఆపి రక్తపరీక్షకు వెళ్లాలి.

కొల్లాజెన్ పొడి గురించి రెండు ముక్కలు చాలు. కడుపులో పడ్డాక అది చిన్న ముక్కలైపోతుంది, పప్పూ అంతే. ఆ ముక్కలకు మోకాలి అడ్రసు ఎవరూ రాసివ్వరు. మేలు చూపిన పరీక్షలు చిన్నవి, చాలావాటికి డబ్బు పెట్టింది అమ్మేవాళ్లే. మేక కాళ్ల సూపు తాగితే రుచన్నా దక్కుతుంది.

అరుగుదల నొప్పిని నిజంగా తగ్గించేవి బరువు దించడం, తొడ కండను గట్టిపరచడం, మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాయడం. కుర్చీలో కూర్చుని కాలు చాపి, తొడ బిగించి అయిదు లెక్కపెట్టి దించాలి, కాలికి పదిసార్లు, రోజూ. కొన్ని వారాలు ఓపిక పడితేనే తేడా తెలుస్తుంది. ఇవి మన దుకాణంలో వినపడకపోవడానికి కారణం వెతకనక్కర్లేదు. జెల్ మీద మిగిలేది తక్కువ, కుర్చీ మీద కమీషన్ అసలే లేదు.