సర్టిఫికెట్ మీదున్న నంబరుకి ఫోన్ చెయ్యకండి

"చాంబర్ ఆఫ్ కామర్స్ మెంబరంటున్నాడు కదా, ఆ సర్టిఫికెట్ మీదున్న నంబరుకి ఒకసారి ఫోన్ కొట్టి కనుక్కో." ఆఫ్రికా నుంచి జీడిపిక్కలు తెప్పించుకోవాలనుకునే కొత్త వ్యాపారికి మొదట అందే సలహా ఇదే. ఇచ్చేవాళ్లు మంచి మనసుతోనే ఇస్తారు. కానీ దీన్ని పాటించడం కంటే అసలు విచారించకుండా ఉండటమే కొంత నయం. విచారించనివాడికి మనసులో అనుమానమైనా మిగులుతుంది, ఆ నంబరుకి ఫోన్ చేసినవాడికి అదీ పోతుంది.

పలాస ఫ్యాక్టరీలకి ఉద్దానం పంట ఏడాది పొడుగునా సరిపోదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటల్ని కూల్చాక ఆ కొరత ఇంకా పెరిగింది. అందుకే ఘానా, ఐవరీ కోస్ట్, టాంజానియా పిక్కల వైపు చూడక తప్పదు. ఘానాతో ఉత్తరప్రత్యుత్తరాలు ఇంగ్లీషులోనే నడుస్తాయి కనుక మనవాళ్లు అక్కడి బేరాలకి త్వరగా చెయ్యి చాపుతారు. మోసగాళ్లూ ఆ సౌకర్యాన్నే వాడుకుంటారు.

ఒక బేరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. నలభై అడుగుల కంటైనరు ఒకటి, సుమారు 25 టన్నులు, టన్ను 1,300 డాలర్లు, 30 శాతం అడ్వాన్సు. అంటే 9,750 డాలర్లు, మన డబ్బులో ఎనిమిది లక్షల పైచిలుకు. ఆఫర్‌తో పాటు ఘానా నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీ పేరుతో సభ్యత్వ సర్టిఫికెట్ పీడీఎఫ్ వచ్చింది. ముద్ర ఉంది, సభ్యత్వ నంబరు ఉంది, అడుగున ఫోను, ఈమెయిలు ఉన్నాయి. ఆ కాగితాన్ని దొంగ తయారు చేసి ఉంటే అడుగున ఉన్న ఫోను కూడా వాడిదే అవుతుంది. ఎత్తినవాడు మర్యాదగా "అవునండీ, మా పాత సభ్యులే" అంటాడు. అందుకని చాంబర్ చిరునామా ఆ కాగితంలోంచి కాకుండా వేరే దారిలో సంపాదించాలి. అక్రాలో భారత హైకమిషన్ ఉంది, అందులో వాణిజ్య వ్యవహారాలు చూసే విభాగం ఉంది. దానికి మెయిల్ రాసి, చాంబర్‌ని ఏ నంబరులో, ఏ మెయిల్‌లో సంప్రదించాలో అడగండి. కొల్లంలోని జీడిపప్పు ఎగుమతి ప్రోత్సాహక మండలి ద్వారాగానీ, మీరు సభ్యులైన చాంబర్ ద్వారాగానీ అడిగించవచ్చు. ఫోన్ చేసేటప్పుడు వాళ్ల గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉంటుందని గుర్తుంచుకోండి. మన మధ్యాహ్నం రెండున్నరకి అక్కడ ఉదయం తొమ్మిది.

ఇంకొంచెం తెలిసినవాళ్లు చెప్పే మాట ఇంకా ప్రమాదకరం. "చాంబర్ వాళ్ల జాబితాలో పేరుంటే చాలు." తెలివైన మోసగాడు లేని కంపెనీని సృష్టించడు. నిజంగా సభ్యత్వం ఉన్న, పదేళ్లుగా వ్యాపారం చేస్తున్న కంపెనీ పేరునే ఎత్తుకుంటాడు. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, వీధి చిరునామా అన్నీ అసలువే పెడతాడు. ఫోను, మెయిలు, బ్యాంకు ఖాతా మాత్రం తనవి. మీరు చాంబర్‌కి "ఫలానా కంపెనీ మీ సభ్యులా?" అని రాస్తే వాళ్లు "అవును" అంటారు. అందులో అబద్ధం లేదు, అయినా మీ డబ్బు పోతుంది. మీకు తెలియాల్సింది ఆ కంపెనీ సభ్యుడా అన్నది మాత్రమే కాదు. మీతో మాట్లాడుతున్నవాడు ఆ కంపెనీ మనిషేనా అన్నది కూడా.

కాబట్టి ప్రశ్న ఇలా ఉండాలి. సర్టిఫికెట్ కాపీ జతచేసి, అది మీరిచ్చిందేనా అని అడగండి. కంపెనీ పూర్తి పేరు అక్షరం తేడా లేకుండా రాసి, సభ్యత్వం ఏ తేదీ దాకా చెల్లుతుందో అడగండి. ఘానాలో "ఎంటర్‌ప్రైజ్" అని ముగిసే పేరు మామూలుగా ఒంటరి వ్యాపారిది, "లిమిటెడ్" అంటే కంపెనీ. సభ్యత్వం ఒకదానికి ఉండి, ప్రొఫార్మా ఇన్వాయిస్ రెండోదాని పేరు మీద ఉంటే ఆ సభ్యత్వం మీ బేరానికి ఏ భరోసా ఇవ్వదు. ఆ తర్వాత అసలు ప్రశ్న: నాకు ఆఫర్ పంపిన ఫోను, మెయిలు ఇవీ, మీ రికార్డులో ఉన్నవాటితో ఇవి కలుస్తున్నాయా?

కొన్ని చాంబర్లు సభ్యుల వివరాలు బయటికి చెప్పవు. అప్పుడు విడిచిపెట్టెయ్యమని సలహా ఇస్తారు. అవసరం లేదు. వివరాలు మీకు చెప్పక్కర్లేదని, మీ ఉత్తరాన్ని తమ దగ్గరున్న చిరునామాకి పంపి, నేరుగా మీకే జవాబు రాయమని సభ్యుణ్ణి కోరితే చాలని అడగండి. పేరు దొంగిలించిన బేరమైతే అసలు యజమాని "మేమెవరికీ ఆఫర్ పంపలేదు" అని రాస్తాడు. ఈ మొత్తం పనిలో ఇంతకంటే గట్టి పరీక్ష నాకు తెలియదు.

"చాంబర్ నుంచి ఉత్తరం తెప్పించి పంపమని వాణ్ణే అడుగు" అనేది ఇంకో సలహా. సర్టిఫికెట్ తయారు చేసినవాడికి ఉత్తరం తయారు చెయ్యడం పెద్ద పని కాదు. జవాబు చాంబర్ నుంచి నేరుగా మీకు రావాలి. వచ్చాక కూడా పంపిన మెయిల్ చిరునామాని, హైకమిషన్ చెప్పినదానితో అక్షరం అక్షరం పోల్చండి. మీరు చాంబర్‌కి రాస్తున్నట్టు అమ్మేవాడికి ముందుగా చెప్పకండి. రెండు రోజుల్లో "చాంబర్ అధికారి" నుంచి దానంతటదే ఫోన్ వస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇక సభ్యత్వం నిజమేనని తేలిందనుకోండి. దాని విలువ దేశాన్ని బట్టి మారుతుంది. ఘానాలోనూ మన దగ్గరా అది స్వచ్ఛందం, రుసుం కట్టి చేరేది. జర్మనీలో వ్యాపార సంస్థలకి చాంబర్ సభ్యత్వం చట్టప్రకారం తప్పనిసరి, అక్కడ సభ్యుణ్ణని చెప్పుకోవడంలో విశేషమేమీ లేదు. పారిస్‌లోని ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ అయితే పిక్కల వ్యాపారుల నాణ్యతకి గానీ నిజాయితీకి గానీ హామీ పత్రాలివ్వదు. ఆ ముద్రతో "ఆమోదిత విక్రేత" అని కాగితం వస్తే అక్కడితో బేరం ఆపెయ్యండి.

సభ్యత్వం లైసెన్సు కాదు. ఘానాలో జీడి రంగాన్ని నియంత్రించేది కుమాసీలోని ట్రీ క్రాప్స్ డెవలప్‌మెంట్ అథారిటీ. కంపెనీ నమోదు చూసేది రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ కార్యాలయం. ఆ రెండు చోట్లా విడిగా అడగాలి. పిక్కల్లో తేమెంత, బస్తాకి పప్పు ఎంత దిగుతుంది అన్నవాటికి ఏ చాంబరూ జవాబుదారీ కాదు. దానికి లోడింగ్ దగ్గర మీ తరఫున తనిఖీ చేసే సంస్థ ఉండాలి.

చివరగా, అందరూ చెప్పే తొందర మాట. "మే దాటితే సరుకు దొరకదు, చాంబర్ జవాబు కోసం కూర్చుంటే బేరం పోతుంది." జవాబు రాకపోవడం అంగీకారం కాదు. వారంలో రాకపోతే మళ్లీ రాయండి, ఫోన్ చెయ్యండి, హైకమిషన్‌కి చెప్పండి. అప్పటికీ రాకపోతే ఆ సభ్యత్వాన్ని లేనట్టే లెక్కించి, అడ్వాన్సు లేకుండా ఎల్‌సీ మీద ఇస్తాడేమో అడగండి. దానికి ఒప్పుకోనివాడికి ఒక్క డాలరు కూడా పంపకండి.