ఆరున్నర నిమిషాల్లో ఓడిపోవడం ఎలా?

కర్ణాటక పోలీస్ కానిస్టేబుల్ ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లు ఆరున్నర నిమిషాల్లో పరుగెత్తాలి. నాలుగు రౌండ్లు, రౌండుకు 97 సెకన్ల పైచిలుకు. బళ్ళారిలో సెకండ్ పీయూసీ చదివే కుర్రాడొకడు ఇప్పుడు ఈ దూరం 7 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తుతున్నాడనుకుందాం. అంటే రౌండుకు 115 సెకన్లు. చేతిలో మూడు నెలలున్నాయి. జాగ్రత్తగా పాడుచేసుకోకపోతే ప్యాసయ్యే ప్రమాదం ఉంది. అందుకే ఈ సలహాలు.

ముందు గురి మార్చుకో నాయనా. అనంతపురం మేనమామ పండక్కొచ్చినప్పుడు, "మా వైపు 1600కి ఎనిమిది నిమిషాలిస్తార్రా, ఎందుకంత ఆయాసపడతావ్?" అంటాడు. ఆయన చెప్పేది ఆంధ్రా పరీక్షకు నిజమే. నువ్వు రాసేది కర్ణాటక పరీక్ష అయితేనేం, పెద్దల మాట కాదనకూడదు. ఎనిమిది నిమిషాలంటే రౌండుకు రెండు నిమిషాలు. ఆ వేగం నీకు ఇప్పటికే ఉంది కాబట్టి శరీరానికి కొత్తగా నేర్చుకోవాల్సిన పనేమీ ఉండదు.

ఆ తర్వాత, పరుగు తప్ప అన్నీ చెయ్యి. పొద్దున్నే కోట గుట్ట మెట్లెక్కు, సాయంత్రం క్రికెట్ ఆడు. మెట్లెక్కితే తొడలు గట్టిపడతాయి, గుండెకూ మంచిదే. కానీ చదును నేల మీద రౌండుకు 97 సెకన్ల చొప్పున అడుగు ఎంత బారున పడాలో, మూడో రౌండులో ఊపిరి అందనప్పుడు ఆ వేగం ఎలా నిలుపుకోవాలో మెట్లు నేర్పవు. శరీరం ఏ పని చేయిస్తే ఆ పనికే అలవాటు పడుతుంది. కాబట్టి పరీక్ష రోజుకి నువ్వు గుట్ట ఎక్కడంలో సిద్ధహస్తుడివై ఉంటావు.

పరుగెత్తక తప్పకపోతే, రోజూ అవే రెండు రౌండ్లు, అదే వేగం, పక్కవాడితో కబుర్లు చెప్పుకుంటూ కానివ్వు. మొదట్లో ఆయాసం వస్తుంది. కొన్ని వారాలకు పోతుంది. అదిగో, అక్కడే ఆగిపో. అలవాటైన భారానికి శరీరం ఇంకేమీ పెంచుకోదు. మూడు నెలలూ మైదానానికి వెళ్ళొచ్చానన్న తృప్తి మాత్రం పూర్తిగా దక్కుతుంది.

ఇక్కడ ఒక మనిషితో జాగ్రత్త. పీటీ మేష్ట్రు. ఆయన నిన్ను పట్టుకుని, "400 మీటర్లు 97 సెకన్లలో పరుగెత్తు, మూడు నిమిషాలు నడువు, అలా నాలుగుసార్లు" అంటాడు. వారానికి రెండు రోజులే. మిగతా రోజుల్లో నెమ్మది పరుగు, ఒకరోజు పూర్తి విశ్రాంతి. ఆ నాలుగూ కుదురుగా వచ్చాక ఐదు చేయిస్తాడు, తర్వాత ఆరు. ఆపైన వేగం ముట్టుకోకుండా, మధ్యలో నడక రెండు నిమిషాలకు తగ్గిస్తాడు. చివరికి అదే వేగంతో 800 మీటర్లు, రెండుసార్లు. ఒక్కోసారి ఒక్కటే మారుస్తాడు, దూరమో, విశ్రాంతో. ఈయన మాట వింటే నువ్వు ప్యాసైనట్టే.

అదంతా ఎవరు పడతారు? సోమవారం నిద్ర లేచి ఒకేసారి పది కిలోమీటర్లు తారురోడ్డు మీద లగెత్తు. మంగళవారం కూడా. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తాయి, మోకాలి కింది ఎముకకు, స్నాయువులకు నెలలు పడుతుంది. కొత్త భారానికి తగ్గట్టు ఎముక తనను తాను తిరగరాసుకునేటప్పుడు ముందు కాస్త బలహీనపడుతుంది కూడా. ఊపిరి బాగుందని వేగం పెంచేది సరిగ్గా అప్పుడే. కాలి ముందు భాగమంతా నొప్పిగా ఉండి, పరుగు మొదలెట్టాక తగ్గుతుంటే అది భారం తగ్గించమని చెప్పడం. అలా కాకుండా ఒకేచోట వేలు పెట్టి చూపించేలా నొప్పి ఉండి, ఒంటికాలిపై గెంతితే ప్రాణం పోయినట్టుంటే ఎముక చిట్లుతోందేమో చూపించుకోవాలి. నువ్వు మాత్రం బామ్ రాసి పరుగెత్తు. డాక్టరు ఎక్సరే తీస్తే మొదట్లో ఏమీ కనపడకపోవచ్చు, అది నీకు కలిసొచ్చే విషయం.

ఇంత చేసినా కాస్త వేగం వచ్చిందనుకో, కంగారు పడకు, పీయూసీ పరీక్షలు ఉన్నాయి. మైదానం పూర్తిగా మానెయ్. రోజుల్లోనే రక్తంలో నీటి భాగం తగ్గుతుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తమూ తగ్గుతుంది. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో అయిదుగురు ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళను మూడు వారాలు మంచం మీద పడుకోబెట్టి చూస్తే, ఆక్సిజన్ వాడుకునే శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ వాళ్ళనే పరీక్షిస్తే, ముప్పై ఏళ్ళ వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల నష్టమే ఎక్కువని తేలింది. నువ్వు మంచం ఎక్కవులే, కుర్చీలో కూర్చుని చదువుతావు, అంత పడదు. అయినా ఎంతో కొంత పడుతుంది. వారానికి రెండు రోజులు అదే వేగంతో కాసేపు పరుగెత్తినా వచ్చినదాంట్లో చాలామటుకు నిలిచిపోతుంది కాబట్టి ఆ రెండు రోజులు కూడా పుస్తకం వదలొద్దు.

చివరికి కాల్ లెటర్ వస్తుంది. పోయిన నెలలన్నీ ఆ ఒక్క వారంలో రాబట్టుకో. రోజూ పూర్తి 1600, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, పరీక్ష ముందురోజు సాయంత్రం రెండుసార్లు.