శుక్రవారం పిండి

మూడు వారాలుగా మా ఇంట్లో శనివారం పొద్దున దోసె, రాత్రి దోసె, ఆదివారం పొద్దున అట్టు. అట్టు అంటే కొత్తదేదో అనుకునేరు. అదీ దోసే. మా ఆవిడకి విసుగొచ్చి పేరు మార్చింది, అంతే. సోమవారానికి పిండి పులుస్తుంది కాబట్టి పునుగులు. ‘ఏవండీ, మీ కంప్యూటర్‌కి ఇడ్లీ అనే పదం తెలియదా?’ అని ఆవిడ అడిగిన రోజున నేను తలెత్తలేదు. ఈ పిండి ప్రవాహానికి కారకుణ్ణి నేనే.

మా కంపెనీ దోసెల పిండి అమ్ముతుంది. ఏ రోజు పిండి ఆ రోజే అమ్మాలన్నది యాజమాన్యం పట్టుదల. రేపు ఏ దుకాణానికి ఎన్ని ప్యాకెట్లు పంపాలో ముందురోజు చెప్పే మోడల్ నేను తయారుచేశాను. నోట్‌బుక్‌లో అది బంగారం. నేను దాచిపెట్టిన నాలుగు వారాల అమ్మకాల మీద పరీక్షిస్తే రోజుకి నాలుగైదు ప్యాకెట్లకి మించి తేడా రాలేదు. మీటింగులో గ్రాఫు చూపిస్తే పెద్దవాళ్లు తలలూపారు. నేనూ ఊపాను.

అసలు పనిలోకి దిగాక సోమ, మంగళ, బుధ, గురు బాగానే ఉన్నాయి. శని, ఆది బ్రహ్మాండం. శుక్రవారం మాత్రం 61 ప్యాకెట్లు అమ్ముడయ్యే దుకాణానికి 97 పంపమంటుంది. మిగిలినవి సిబ్బంది పంచుకునేవారు. అందుకే మా ఫ్లోర్‌లో ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఉచితంగా పిండి వస్తుంటే తప్పెవరు పడతారు?

ఒక్క దుకాణం ఆయన మాత్రం మొదటి వారమే ఫోన్ చేశాడు. ‘సార్, శుక్రవారం ఎక్కువొస్తోంది.’ నేను చాలా ఓపిగ్గా వివరించాను. శనివారం టిఫిన్‌కి జనం శుక్రవారం సాయంత్రమే కొంటారండీ, మోడల్ అది పసిగట్టింది అన్నాను. రెండోవారం వరలక్ష్మీ వ్రతం మీదికి నెట్టాను. మూడోవారం శ్రావణ మాసం మొత్తాన్నీ బాధ్యురాల్ని చేశాను. ఇంకో వారం ఆగితే వర్షాల మీద పడేవాణ్ణి.

మధ్యలో మోడల్‌కి కొత్త అమ్మకాలతో మళ్లీ నేర్పించాను కూడా. నోట్‌బుక్‌లో మళ్లీ బంగారం, దుకాణంలో మళ్లీ 97. జ్వరం ఒకరికి, మాత్ర ఇంకొకరికి. నోట్‌బుక్‌లో శుక్రవారం శుక్రవారంలాగే ఉంది, ఎన్నిసార్లు నేర్పినా సరిగ్గానే నేర్చుకుంటుంది. తప్పు నేర్చుకోవడంలో లేదు, అడగడంలో ఉంది.

చివరికి మొదటి రోజే చేయాల్సిన పని చేశాను. సర్వరు 2024 ఆగస్టు 16కి ఆ దుకాణం గురించి మోడల్‌కి ఏ అంకెలు అందించిందో లాగ్‌లో రాయించి, అదే దుకాణానికి అదే తేదీకి నోట్‌బుక్‌లో అంకెలు తయారుచేసి, రెండు వరుసలూ పక్కపక్కన పెట్టాను. పదకొండు గడుల్లో పది అచ్చుగుద్దినట్టు ఒకటే. పదకొండోది వారంలో రోజు.

```
pandas:  d.dt.dayofweek               -> 4
java:    d.getDayOfWeek().getValue()  -> 5
```

రెండూ శుక్రవారమే. నేను వాడిన పాండాస్ సోమవారాన్ని సున్నా అంటుంది. సర్వరు రాసిన జావా అబ్బాయి చేతిలో సోమవారం ఒకటి.

ఇక్కడ కాసేపు తిట్టుకోనివ్వండి. వారానికి రోజులు ఏడేనని లోకమంతా ఒప్పుకుంది. మొదటిదేదో, దాని నంబరేదో మాత్రం తేలదు. జావాస్క్రిప్ట్‌కి ఆదివారం సున్నా. ఎక్సెల్‌కి, మీరు వేరేగా చెప్పకపోతే, ఆదివారం ఒకటి. మైఎస్‌క్యూఎల్‌లో ఒకే ఇంట్లో రెండు వంటిళ్లు: DAYOFWEEK() అంటే ఆదివారం ఒకటి, WEEKDAY() అంటే సోమవారం సున్నా. పోస్ట్‌గ్రెస్ ఆదివారాన్ని dow అని అడిగితే సున్నా అంటుంది, isodow అని అడిగితే ఏడు అంటుంది. పైథాన్ కూడా weekday(), isoweekday() అని రెండు నాల్కలు పెట్టుకుంది. మా అమ్మతో చెబితే, ‘ఆదివారం పేరులోనే ఆది ఉంది కదరా, ఇంకా సందేహమేమిటి’ అంది. అది ఆదిత్యుడి ఆది అమ్మా అంటే, ‘మరి ఆయనకంటే ముందు ఎవరున్నార్రా’ అని నోరు మూయించింది. ఐఎస్ఓ 8601 రాసినవాళ్లకి మా అమ్మ దొరకలేదు. వాళ్లు సోమవారంతో మొదలుపెట్టారు.

రాహుకాలం సంగతి ఆలోచించండి. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు, శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. పంచాంగం గుణించేవాడు పాండాస్‌లో గుణించి, ఇంట్లోవాళ్లు జావాలో చదివితే శుక్రవారం తొమ్మిదింటికి ఇల్లు కదలకుండా కూర్చుంటారు, పదకొండింటికి నిశ్చింతగా పెళ్లిచూపులకి బయలుదేరతారు. వాహనం ఆగదు, పిల్లి అడ్డం రాదు, ఎర్ర అక్షరాలు కనబడవు. తర్వాత నలభై ఏళ్లకి గానీ తేడా తెలియదు. మా మోడల్ కూడా మేము శుక్రవారం పదకొండింటికే విడుదల చేశామని మా అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు.

సరే, ఒక్క శుక్రవారమే ఎందుకు చెడింది? మాది చెట్టులాంటి మోడల్, ప్రశ్నల మీద ప్రశ్నలు వేసుకుంటూ పోతుంది. దానికి దొరికిన ముఖ్యమైన ప్రశ్న ‘రోజు నంబరు 4.5 కంటే ఎక్కువా?’ అన్నది. ఎక్కువైతే శని, ఆది కాబట్టి పిండి పెంచు. జావా లెక్కలో సోమ నుంచి గురు దాకా 1, 2, 3, 4. ఇవన్నీ గీతకి ఇవతలే, బాధ లేదు. శని 6, ఆది 7, అవతలే, అదీ సరే. శుక్రవారం 5 ఒక్కటే గీత దాటి సెలవురోజుల్లో కలిసిపోయింది. ఏడు రోజులూ తప్పు నంబర్లతోనే వెళ్లాయి, ఆరు తప్పులు కలిసొచ్చాయి. నేర్చుకున్నప్పుడు ఏనాడూ చూడని 7 ఎదురైనా మోడల్ ‘ఇదెవరు?’ అనలేదు. అంకె ఇస్తే అంకె చెప్పింది. సర్వరు లాగ్‌లో ఒక్క ఎర్ర గీత లేదు. నేర్పినప్పుడు 0 నుంచి 6, వాడుతున్నప్పుడు 1 నుంచి 7 అని పోల్చే చిన్న తనిఖీ ఉంటే మొదటి ఆదివారమే అరిచేది.

ఒకటి తీసేస్తే పోతుంది కదా అన్నాడు జావా అబ్బాయి. పోతుంది, మళ్లీ ఎవరో ఇంకోచోట ఒకటి కలిపేదాకా. అందుకని ఇప్పుడు సర్వరు తేదీ మాత్రమే పంపుతుంది. దాన్ని నంబరుగా మార్చే పని ఒకే ఫంక్షన్‌ది, నేర్పేటప్పుడూ అదే, వాడేటప్పుడూ అదే. సర్వరు వాడిన అంకెలే లాగ్‌లో దాచి వాటితోనే నేర్పమని, అన్నీ కుదరకపోతే కొన్నైనా దాచి సరిచూసుకోమని గూగుల్‌లో మార్టిన్ జింకెవిచ్ తన ‘రూల్స్ ఆఫ్ మెషీన్ లెర్నింగ్’లో ఎప్పుడో రాసిపెట్టాడు. నేను చదివాను. నచ్చిందని నలుగురికి పంపాను కూడా.

నేనూ జావా అబ్బాయీ పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటాం. రాసేముందు అతను అడిగాడు, ‘రోజంటే నంబరేనా అన్నా?’ అని. అవునన్నాను. అతని తప్పేమీ లేదు. తలచుకుంటే కష్టంగా ఉండేది దుకాణం ఆయన సంగతి. శుక్రవారం రాత్రి షట్టర్ దించేముందు ముప్పై ఆరు ప్యాకెట్లు లెక్కపెట్టి, రేపటి అమ్మకానికి ఇవి పనికిరావంటూ పక్కన పెట్టినవాడు ఆయన. నాకు తప్పు మొదటి వారమే చెప్పాడు. నేను ఆయనకి గ్రాఫు పంపాను. క్షమించండని ఫోన్ చేస్తే, ‘పర్లేదు సార్, మీకు పనులెక్కువ కదా’ అన్నాడు.

మొన్న శుక్రవారం ఆ దుకాణానికి 60 వెళ్లాయి, 59 అమ్ముడుపోయాయి. మిగిలిన ఒక్కటీ జావా అబ్బాయి పట్టుకెళ్లాడు. శనివారం పొద్దున మా ఇంట్లో ఉప్మా.